షర్ట్ కాలర్ మీద ఉండే 39, 40, 42 నంబర్ దేనిది? మెడ, చేతులు కొలిచి ఫార్మల్ షర్ట్ సైజ్ తీస్కునే పద్ధతి

ఫార్మల్ షర్ట్ మెడ లోపల లేబుల్ మీద 38, 39, 40, 42, 44 అని ఒక నంబర్ ఉంటది కదా, మనోళ్లలో చాలామంది అది ఛాతి ఇంచులు అనుకుంటరు. హన్మకొండ చౌరస్తా దిక్కు ఏ రెడీమేడ్ షాపులో కాసేపు నిలబడ్డా "అన్నా నా చెస్ట్ 40, నలభై సైజ్ ఇయ్యి" అనే మాట వినబడతది, షాపాయన కూడా ఏమనకుండా 40 తీసి ముందర పెడ్తడు. కానీ ఆ 40 ఛాతిది కాదు, ఇంచులు కూడా కాదు. అది కాలర్ చుట్టుకొలత, సెంటీమీటర్లల్ల. పై గుండీ పెట్టినంక మెడ చుట్టూ కాలర్ లోపల ఎంత జాగా ఉంటదో అదే ఆ నంబర్. 40 అంటే 40 సెంటీమీటర్ల గల్లా, అంతే.

నమ్మబుద్ధి కాకపోతే ఇంట్లో ఉన్న షర్ట్ ఒకటి తీయండి. కాలర్ గుండీ ఇప్పి, కాలర్ పట్టీని మంచం మీద సాఫ్‌గా పరిచి, గుండీ మధ్య నుంచి కాజా మధ్య దాకా టేపు పెట్టి చూడండి. 40 సైజ్ కొత్త షర్ట్ అయితే 40 సెంటీమీటర్లకు అటూ ఇటూగానే వస్తది. అదే షర్ట్ ఛాతి కొలిస్తే 43, 44 ఇంచుల దాకా కూడా రావచ్చు, ఎందుకంటే గాలి ఆడాలె, చెయ్యి లేపాలె అని ఛాతి దగ్గర కంపెనీవాళ్లు నాలుగించుల దాకా లూజ్ ఇస్తరు.

మరి ఇన్నేండ్ల నుంచి ఛాతి అనుకుని కొన్నా ఎట్ల సరిపోతుంది అంటే, దానికి ఒక లెక్క ఉన్నది. మామూలు ఒడ్డు పొడుగు ఉన్న మనిషికి ఛాతి చుట్టుకొలత మెడకు సుమారు రెండున్నర రెట్లు ఉంటది, ఒక ఇంచు అంటే కూడా 2.54 సెంటీమీటర్లే, కాబట్టి మెడ సెంటీమీటర్ల నంబర్, ఛాతి ఇంచుల నంబర్ దగ్గర దగ్గర ఒకటే అయి కూర్చుంటయి. ఛాతి 39 ఇంచులు ఉన్నాయనకు 39 కాలర్ పట్టడం అట్ల కుదిరిన సంగతే. అందరికీ కుదరదు. జిమ్ చేసి ఛాతి పెంచినోళ్లకు, పొట్ట ఉన్నోళ్లకు, సన్నగా పొడుగ్గా ఉన్న పోరగాళ్లకు ఈ లెక్క తప్పుతది, షర్ట్ సరిగ్గ కూర్చోవట్లేదు అని బాధపడేది కూడా ఎక్కువ వీళ్లే. ఇంకో గుర్తు చూడండి, ఛాతి సైజులు అయితే 36, 38, 40, 42 అని రెండు రెండు పెరుగుతయి, ఫార్మల్ షర్ట్‌లో మాత్రం 38కి 40కి మధ్యల 39 ఉంటది, ఎందుకంటే మెడ దగ్గర ఒక్క సెంటీమీటర్ తేడా కూడా తెలుస్తది. ఛాతి దగ్గర సెంటీమీటర్ అటూ ఇటూ అయితే ఎవరికీ పట్టదు. షర్ట్ మొత్తంలో బిగుతుగా కూర్చోవాల్సిన చోట్లు మెడ, మణికట్టు, ఈ రెండే, అందుకే ఫార్మల్ షర్ట్‌కు కాలర్‌తోనే పేరు పెడ్తరు. టీషర్ట్‌లకు, క్యాజువల్ షర్ట్‌లకు ఎస్, ఎం, ఎల్ సరిపోతది, వాటికి పై గుండీ పెట్టేది లేదు కదా.

స్టెప్ 1: మెడ కొలవడం

దర్జీలు వాడే మెత్తటి టేపు కావాలె. ఇనుప టేపు మెడకు వంగదు, దాంతో వచ్చే కొలత పనికిరాదు. టేపు లేకపోతే సాగని దారం మెడకు చుట్టి, కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి స్కేల్ మీద కొలిస్తే సరిపోతది. 

ఎక్కడ కొలవాలె అనేదే అసలు విషయం. గొంతు మధ్యల కాదు, గొంతు ముందర పొడుచుకొచ్చిన ముడి ఉంటది కదా దాని కింద, మెడ భుజాలకు కలిసే మొదట్ల, అంటే కాలర్ పట్టీ నిజంగ కూర్చునే చోట. నిటారుగా నిలబడి ముందరికి చూడాలె, గడ్డం పైకి లేపినా, కిందికి వంచినా కొలత తప్పుతది. టేపు చర్మానికి తాకాలె కానీ గుంజొద్దు, చర్మం మీద గీత పడుతుంది అంటే గుంజినట్టే. ఇంట్లో ఇంకొకరితో పట్టిస్తే మేలు, మనం అద్దంలో చూస్కుంట కొలిస్తే వెనుక టేపు కిందికో పైకో జారింది తెలువది. రెండు మూడు సార్లు కొలిచి ఎక్కువసార్లు ఏది వస్తే అది రాసుకోండి, అర సెంటీమీటర్ కూడా వదలొద్దు.

వచ్చిన కొలత మీ మెడది, కాలర్‌ది కాదు. దానికి 1 నుంచి 1.5 సెంటీమీటర్ కలపాలె. గుటక మింగితే, కూర్చుంటే, తల తిప్పితే మెడ కొంచెం ఉబ్బుతది, ఆ జాగా అది. కొందరు టేపు కింద రెండు వేళ్లు పక్కపక్కన పరిచి పెట్టి కొలుస్తరు, అట్ల కూడా చేయొచ్చు, ఆ లూజ్ అందులోనే వచ్చేస్తది. అయితే వేళ్లు పెట్టి కొలిచి మళ్లీ 1.5 కలిపితే లూజ్ రెండుసార్లు పడ్డట్టు, 39 వేసుకోవాల్సిన మనిషి 41కి పోతడు. రెండిట్ల ఏదో ఒకటే చేయండి.

ఉదాహరణకు మెడ 38.5 వచ్చింది, 1.2 కలిపితే 39.7, మీ కాలర్ 40. నంబర్ల మధ్యల పడితే పైదానికే పోవాలె, కిందదానికి వద్దు. దీనికి కారణం ఉతుకు. కాటన్ షర్ట్ మొదటి రెండు మూడు ఉతుకుల్ల ఒకటి రెండు శాతం కుంచించుకపోతది, 40 కాలర్‌లో రెండు శాతం అంటే 8 మిల్లీమీటర్లు. షాపులో ఒక్క వేలు పట్టేంత జాగా ఉంటే బాగుంది అనుకుంటం, ఇంటికొచ్చి ఉతికినంక ఆ వేలి జాగా కూడా పోతది. పాలిస్టర్ కలిసిన బట్ట అయితే ఈ భయం దాదాపు లేదు, నూటికి నూరు కాటన్‌లోనే చూస్కోవాలె.

ఇంచుల్ల రాసిన షర్ట్ దొరికితే ఇంచులను 2.54తో గుణించండి. 15 ఇంచులు అంటే 38, 15½ అంటే 39, 16 అంటే 41 దిక్కు, 16½ అంటే 42. అమెరికా నుంచి ఎవరన్నా చుట్టాలు తెచ్చిన షర్ట్ మీద 15½ అని చూసి ఇదేం సైజ్ అని పక్కకు పెట్టేస్తరు, అది మన 39యే.

స్టెప్ 2: చేతి పొడుగు కొలవడం

ఇక్కడ రెండు రకాల కొలతలు ఉన్నయి, రెండూ కలిపేస్తే మొత్తం గందరగోళం. మన దర్జీలు, మన దేశం కంపెనీల సైజ్ చార్ట్‌లు ఎక్కువగా చెప్పేది భుజం కుట్టు నుంచి కఫ్ చివరి దాకా, అది మగవాళ్లకు 24 నుంచి 26 ఇంచుల మధ్యల ఉంటది. అమెరికా పద్ధతిలో మాత్రం వెనుక మెడ మధ్య నుంచి మొదలుపెట్టి భుజం మీదుగా మణికట్టు దాకా కొలుస్తరు, అది 32 నుంచి 36 దాకా వస్తది. కాలర్ నంబర్ పక్కన 34/35 అని కనబడితే అది ఈ రెండో రకం. ఆన్‌లైన్‌లో చూసి 34 అంటే ఇంత పొడుగా అని బెదరాల్సిన పని లేదు.

కొలిచేటప్పుడు చెయ్యి బిర్రుగా చాపొద్దు. నిలబడి చెయ్యి కొంచెం వంచి అరచెయ్యి నడుము మీద ఆనించాలె, ఎందుకంటే మోచెయ్యి వంగితే చేతికి ఇంకొంత పొడుగు కావాలె, చెయ్యి కిందికి వదిలేసి కొలిచిన చేతులు బైక్ హ్యాండిల్ పట్టుకోగానే పైకి గుంజుకపోతయి. భుజం చివర ఎముక తాకుతది కదా, అక్కడ టేపు పెట్టి, మోచెయ్యి బయటి పక్క నుంచి తెచ్చి, మణికట్టు పక్కన పొడుచుకొచ్చిన ఎముక దాటి, బొటనవేలు మొదలయ్యే చోటు దాకా తేవాలె. కఫ్ అక్కడ ఆగాలె. రెండు చేతులూ కొలవండి, చాలామందికి పావు ఇంచు తేడా ఉంటది, పొడుగు చెయ్యిదే తీస్కోవాలె.

రెండో రకం కొలత కావాలంటే భుజం వెడల్పు కూడా కొలవండి, వెనుక నుంచి ఈ భుజం ఎముక నుంచి ఆ భుజం ఎముక దాకా. అందులో సగం తీసి చేతి పొడుగుకు కలిపితే అమెరికా నంబర్ దగ్గరికి వస్తది. భుజం 18, చెయ్యి 25½ అయితే, 9 కలిపి 34½, అంటే 34/35 రాసిన షర్ట్ మీదే. అట్ల రెండు నంబర్లు కలిపి రాసేది ఎందుకంటే కఫ్ మీద రెండు గుండీలు పక్కపక్కన ఉంటయి, లోపలి గుండీకి పెడితే కఫ్ బిగుతై మణికట్టు దగ్గరనే ఆగుతది, పొడుగు ఎక్కువైనా అరచేతి మీదికి జారదు. ఇది మన షర్ట్‌లకు కూడా పనికొచ్చే ముచ్చట. చేతులు అర ఇంచు పొడుగు అనిపిస్తే దర్జీ దగ్గరికి ఉరకక ముందు ఒకసారి కఫ్ రెండో గుండీకి పెట్టి చూడండి.

స్టెప్ 3: షాపులో చూసేది

కొలతలు రాసుకుని పోయినా వేసి చూడక తప్పదు, ఒకే 40 ఒక కంపెనీది ఒక తీరు ఉంటది, ఇంకోదానిది ఇంకో తీరు. కాలర్ నంబర్ ఒక్కటే అటూ ఇటూగా మారదు, ఛాతి, భుజం, చేతులు మారుతయి. ట్రయల్ రూమ్‌లో చాలామంది పై గుండీ పెట్టనే పెట్టరు, పెట్టకపోతే చూసినట్టే కాదు. పై గుండీ పెట్టి, తల రెండు పక్కలకు తిప్పండి. మెడ తిరగాలె, కాలర్ తిరగొద్దు. మెడతో పాటు కాలర్, భుజం కుట్టు కూడా కదులుతున్నయి అంటే బిగుతు. కాలర్ కొనలు పైకి లేస్తున్నా, కాలర్ మీద చర్మం ముడత పడుతున్నా, ఇప్పినంక మెడ మీద ఎర్ర గీత కనబడ్డా ఒక నంబర్ పెంచండి. ముందర గుండీ దగ్గర మెడకు కాలర్‌కు మధ్యల జాగా కనబడుతుంది, రెండు వేళ్లు కాదు మూడు దూరుతున్నయి, టై కట్టి గుంజితే కాలర్ ముడత పడుతుంది అంటే పెద్దది.

ఛాతి దగ్గర బిగుతుగా ఉంటే ఏం చేయాలె అనేదానికి షాపులో మొదట వచ్చే సలహా "ఒక సైజ్ పెద్దది తీస్కో తమ్మీ" అని. కాలర్ సరిపోయినాక నంబర్ మార్చొద్దు, ఫిట్ మార్చండి. స్లిమ్ ఫిట్ 40కి, రెగ్యులర్ ఫిట్ 40కి కాలర్ ఒకటే, ఛాతి నడుము దగ్గర మాత్రం తేడా ఉంటది. స్లిమ్ ఫిట్‌లో గుండీల మధ్యల నోరు తెరుచుకుంటే రెగ్యులర్ ఫిట్ 40 అడగండి, 42 వద్దు. తర్వాత భుజం కుట్టు సరిగ్గ భుజం ఎముక మీద కూర్చున్నదా చూడండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే కుట్టు చేతి మీదికి ఇంచు జారితే చేతులు కూడా ఇంచు పొడుగైనట్టు కనబడతయి, తప్పు చేతులది కాదు భుజానిది. భుజం సరి చేయడం అంటే షర్ట్ సగం ఇప్పి కుట్టడమే, దానికి దర్జీలు తొందరగ ఒప్పుకోరు.

హాఫ్ హ్యాండ్స్ అయితే స్టెప్ 2 మొత్తం వదిలేయండి.

ఒకరి కొలతలతో మొత్తం లెక్క

మా చిన్నమ్మ కొడుకు ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది, క్యాంపస్ ఇంటర్వ్యూలకు షర్ట్‌లు కావాలన్నడు. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటడు, ఎప్పుడూ 42 కొంటడు. ఎందుకురా అంటే "39 తీస్కుంటే చేతులు పొట్టి అయితున్నయి అన్నా" అన్నడు. చేతుల కోసం కాలర్ పెంచుకుంట పోయిండు, టై కడితే ముందర కాలర్ మొత్తం ముడతలు, భుజాలు జారి చేతుల మీద కూర్చుంటున్నయి.

కొలిస్తే మెడ 37.6 సెంటీమీటర్లు, చెయ్యి 25½ ఇంచులు. మెడకు 1.2 కలిపితే 38.8, అంటే పేరుకు 39 కాలర్. షాపులో ఒకే రకం కాటన్ షర్ట్ మూడు సైజులు తీయించి టేపుతో చేతులు కొలిచినం, భుజం కుట్టు నుంచి కఫ్ చివరి దాకా. 39కి 25¼, 40కి 25¾, 42కి 26¼ ఉన్నయి. ఇగ ఉతుకు లెక్క వేయాలె, ఒక శాతం తగ్గుతది అనుకున్నా చేతులు పావు ఇంచు పోతయి. అట్ల చూస్తే 39 చేతులు 25కి వస్తయి, మనోడికి అర ఇంచు పొట్టి. 40 చేతులు 25½కి వస్తయి, సరిగ్గ ఆయన కొలతనే. 42 ఉతికినంక కూడా అర ఇంచు పొడుగే, పైగా కాలర్ నాలుగు సెంటీమీటర్లు వదులు.

కాబట్టి 40 తీస్కున్నం, స్లిమ్ ఫిట్. కాలర్ ఉతికినంక 39.6 దగ్గర నిలుస్తది, మెడ 37.6, అంటే రెండు సెంటీమీటర్లు వదులు, టై కట్టేదానికి అది జర ఎక్కువ. దానికి కాలర్ గుండీ ఇప్పి అర సెంటీమీటర్ లోపలికి జరిపి కుట్టిస్తే 1.5కి వచ్చింది. ఇంట్లో సూది దారం ఉంటే ఐదు నిమిషాల పని. అయితే రెండు ఉతుకులు అయినంకనే జరపాలె, కొత్తదానికే జరిపితే తర్వాత బిగుతై మళ్లీ ఇప్పాల్సి వస్తది.

దీంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఏందంటే, పెద్ద కాలర్‌ను గుండీ జరిపి ఒక సెంటీమీటర్ దాకా తగ్గించొచ్చు, అంతకు మించితే కాలర్ కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వంకరగా కనబడతయి. చిన్న కాలర్‌ను పెంచుడు మాత్రం కాదు, గుండీని అంచుకు జరిపితే మహా అయితే కొన్ని మిల్లీమీటర్లు వస్తయి. మన షాపుల్ల 40 తర్వాత 42, 44 అనే ఎక్కువ పెడ్తరు, 41, 43 దొరకడం కష్టం, మీ లెక్క 41 వస్తే 42 తీస్కుని గుండీ జరపడమే దారి. చేతులు కూడా అంతే, పొడుగైతే దర్జీ కఫ్ ఇప్పి ఇంచు దాకా తగ్గిస్తడు, అంతకన్నా తగ్గిస్తే కఫ్ పైన ఉండే చీలిక పొట్టిదై చూడ్డానికి బాగుండదు. పొట్టి చేతులను పొడుగు చేసేంత బట్ట లోపల ఉండదు.

ఏ రెడీమేడ్‌ సరిపోకపోతే

మెడ 39 సెంటీమీటర్లు, పొట్ట 44 ఇంచులు ఉన్న పెద్దమనుషులకు, మెడ సన్నగా ఉండి చేతులు 26½ ఉన్న పొడుగు పోరలకు రెడీమేడ్‌లో ఎంత తిరిగినా దొరకదు, వాళ్లు కుట్టించుకోవడమే నయం. 58 ఇంచుల పన్నా బట్ట అయితే ఫుల్ హ్యాండ్స్‌కు 1.6 మీటర్ల పీస్ మామూలు ఒడ్డుకు సరిపోతది, చేతులు పొడుగున్నా, పొట్ట ఎక్కువున్నా కొనేముందు దర్జీని అడిగి 1.8 దాకా తీస్కోండి. దర్జీ మాస్టర్లు కాలర్ ఇంచుల్ల రాస్తరు, 15, 15½, 16 అని. మీరు మీ కొలత చెప్పేటప్పుడు అది ఉత్త మెడ కొలతనా, లూజ్ కలిపిన కాలర్ కొలతనా అనేది కచ్చితంగ చెప్పాలె. మాస్టర్ అలవాటుగా అర ఇంచు తనే కలుపుతడు, మీరు కూడా కలిపి చెప్తే ఇంచు వదులు కాలర్ వస్తది. అన్నిట్లకన్నా తేలిక, మీకు సరిగ్గ కూర్చున్న షర్ట్ ఒకటి, బాగా ఉతికింది, పట్టుకపోయి కాలర్ గుండీ నుంచి కాజా దాకా, భుజం కుట్టు నుంచి కఫ్ దాకా ఆయన ముందరనే కొలిపించండి. కొత్త కాటన్ బట్ట అయితే కుట్టకముందే ఒక రాత్రి నీళ్లల్ల నానబెట్టి ఆరేసి ఇస్తే, కుట్టినంక కాలర్ దగ్గర కుంచించుకపోయే బాధ చాలా మటుకు తప్పుతది.